‘సహా’ అనే మాటలోంచి వచ్చిన హక్కు: నీరు, పారిశుధ్యం మానవ హక్కులుగా ఎలా మారాయి?

నీరు మానవ హక్కు అనే మాట ఎంత తరచుగా వినిపిస్తుందంటే, ఏదో ఒక అంతర్జాతీయ ఒప్పందంలో అది అక్షరాలా రాసి ఉంటుందనే అందరూ అనుకుంటారు. వెతికితే కనిపించదు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 25వ అధికరణంలో ఆహారం ఉంది, దుస్తులు ఉన్నాయి, ఇల్లు, వైద్యం ఉన్నాయి. నీరు లేదు. ఆ ప్రకటనకు చట్టబద్ధత కల్పించడానికి 1966లో రెండు ఒడంబడికలు రాశారు. ఒకటి పౌర, రాజకీయ హక్కులకు, రెండోది ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులకు. ఆ రెండింటిలోనూ తాగునీటి హక్కు అనే మాట లేదు. మరుగుదొడ్డి ప్రస్తావన అసలే లేదు.

అలాగని అప్పటి వారికి నీటి సంగతి తట్టలేదని అనలేం. 1949లో కుదిరిన మూడో జెనీవా ఒప్పందం యుద్ధ ఖైదీలకు సరిపడా తాగునీరు ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. స్నానానికి, బట్టలు ఉతుక్కోవడానికి నీళ్లూ సబ్బూ ఇవ్వాలంది. పగలూ రాత్రీ వాడుకోగలిగిన పరిశుభ్రమైన మరుగుదొడ్లు ఉండాలని, స్త్రీ ఖైదీలకు అవి విడిగా ఉండాలని కూడా రాసింది. అంటే శత్రువు చేతికి చిక్కిన సైనికుడికి 1949లోనే రాతపూర్వకంగా దొరికిన హామీ, తన ఇంట్లో తానున్న మామూలు మనిషికి 1966 ఒడంబడికల్లో దొరకలేదు. ఖైదీ విషయంలో నీళ్లు ఎవరివ్వాలో సందేహం లేదు కాబట్టి రాయడం సులువైంది. మామూలు మనిషి విషయంలో ఆ ప్రశ్నకు జవాబు అంత తేలికగా దొరకదు. ఈ వ్యాసంలో ముందుకు వెళ్లేకొద్దీ చిక్కంతా అక్కడే ఉందని కనిపిస్తుంది.

మరి రాయని హక్కు ఎలా వచ్చింది? న్యాయ పరిభాషలో దీన్ని ‘ఉత్పన్న హక్కు’ అంటారు. ఇప్పటికే గుర్తింపు పొందిన హక్కును అర్థవంతంగా అమలు చేయాలంటే ఇంకొకటి తప్పనిసరి అయినప్పుడు, ఆ రెండోది మొదటిదాని కడుపులోనే ఉందని చెప్పడం. నీటి విషయంలో ఈ పనిని ఒక్కొక్కరు ఒక్కో హక్కు నుంచి చేశారు. ఏ హక్కు నుంచి వచ్చామన్నదాన్ని బట్టి చేతికందేది కూడా మారిపోయింది.

## ఒక చిన్న మాట మీద నిలిచిన వాదన

ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక 11వ అధికరణం సారాంశం ఇది: తగిన ఆహారం, దుస్తులు, నివాసం సహా, తనకూ తన కుటుంబానికీ తగిన జీవన ప్రమాణం పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. 12వ అధికరణం సాధ్యమైనంత ఉన్నతమైన శారీరక, మానసిక ఆరోగ్యాన్ని హక్కుగా గుర్తించింది.

ఈ ఒడంబడిక అమలును పరిశీలించేందుకు 18 మంది స్వతంత్ర నిపుణులతో ఒక కమిటీ ఉంది. ఒక్కో అధికరణాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెబుతూ అది అప్పుడప్పుడు ‘సాధారణ వ్యాఖ్య’ పేరుతో వివరణ పత్రాలు విడుదల చేస్తుంది. 2002 నవంబరులో వచ్చిన 15వ సాధారణ వ్యాఖ్య నీటి గురించినది. అందులోని తర్కమంతా ‘సహా’ అనే మాట మీద నిలబడింది. ఆహారం, దుస్తులు, నివాసం ‘సహా’ అన్నారంటే ఆ మూడూ ఉదాహరణలే, జాబితా అక్కడితో ముగిసిపోలేదని కమిటీ చెప్పింది. బతకడానికి అత్యంత మౌలికమైన షరతుల్లో ఒకటి కాబట్టి, నీరు ఆ జాబితాలోకి సహజంగానే వస్తుందంది. ఆరోగ్యం, నివాసం, ఆహారం వంటి హక్కులతో అది విడదీయలేనంతగా ముడిపడి ఉందని కూడా జోడించింది.

ఈ వాదనకు తోడుగా కమిటీ వేరే ఒప్పందాలనూ చూపించింది. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలనకు 1979లో వచ్చిన ఒప్పందంలో, 14వ అధికరణం కింద, గ్రామీణ స్త్రీలకు నీటి సరఫరా, పారిశుధ్యం ఉన్న జీవన పరిస్థితులు కల్పించాలని ఉంది. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం 24వ అధికరణంలో వ్యాధులతో పోరాటంలో భాగంగా శుభ్రమైన తాగునీటి ప్రస్తావన ఉంది. తరువాత 2006లో వచ్చిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోనూ నీటి సేవల మాట చేరింది. గమనించదగ్గ విషయం ఏమిటంటే, ఈ మూడింటిలోనూ నీరు విడి హక్కుగా లేదు. ఒకచోట జీవన పరిస్థితుల కింద, ఇంకోచోట ఆరోగ్యం కింద, మరోచోట సామాజిక రక్షణ కింద ఒదిగి ఉంది.

ఒక హక్కు ఎక్కడి నుంచి పుట్టిందో దాని హద్దులు కూడా అక్కడి నుంచే వస్తాయి. 15వ సాధారణ వ్యాఖ్య నీటి హక్కును వ్యక్తిగత, గృహ అవసరాలకు పరిమితం చేసింది: తాగడం, వంట, ఒంటి శుభ్రత, బట్టలు ఉతుక్కోవడం, ఇంటి శుభ్రత. పొలానికి నీరు ఇందులోకి రాదు. మూలం కుటుంబ జీవన ప్రమాణం కాబట్టి హక్కు ఇంటి గడప దాటలేదు. సాగునీటి గురించి వాదించాలంటే ఆహార హక్కు దగ్గరికో, ఏ ప్రజల జీవనాధారాన్నీ లాక్కోకూడదని చెప్పే 1వ అధికరణం దగ్గరికో వెళ్లాలి. ధర సంగతి కూడా ఇంతే. ఈ హక్కు నీటిని ఉచితంగా ఇమ్మనదు. నీళ్ల బిల్లు కట్టడం వల్ల తిండి, మందులు, అద్దె వంటి మిగతా అవసరాలు దెబ్బతినకూడదు అంటుంది. జీవన ప్రమాణం నుంచి పుట్టిన హక్కు, అదే జీవన ప్రమాణాన్ని తినేయకూడదు కదా.

## ఒప్పుకోని వారి వాదన ఏమిటి?

ఈ తర్కాన్ని విమర్శించిన వారు తక్కువేమీ కాదు. వారి అభ్యంతరాల్లో బలమున్నవి రెండు.

మొదటిది, ‘సహా’ అనే తలుపు తెరిస్తే లోపలికి ఏదైనా రావచ్చు. విద్యుత్తు లేకుండా తగిన జీవన ప్రమాణం ఉంటుందా? రోడ్డు లేకుండా? ఇంటర్నెట్ లేకుండా? వీటిని బయట నిలబెట్టి నీటిని మాత్రమే లోపలికి రానిచ్చే కొలమానం ఏదని వారి ప్రశ్న. రెండోది అధికారానికి సంబంధించినది. సంతకాలు చేసినవి ప్రభుత్వాలు, వ్యాఖ్య రాసింది నిపుణులు. సాధారణ వ్యాఖ్యకు గౌరవం ఉంది కానీ ఒప్పందానికున్న కట్టుబాటు లేదు. ప్రభుత్వాలు రాయని హక్కును వ్యాఖ్యానం పేరుతో చేర్చడం సబబేనా?

మొదటి ప్రశ్నకు సమర్థకులు ఇచ్చే జవాబు, జాబితాలో ఇప్పటికే ఉన్నవాటిని చూడమనడం. నీరు లేకుండా ఆహారం వండలేం, ఇల్లు నివాసయోగ్యం కాదు, ఆరోగ్యం నిలవదు. జాబితాలో ఉన్న ప్రతిదానికీ అది ముందస్తు షరతు. విద్యుత్తు అలాంటిది కాదు, అది లేని రోజుల్లోనూ మనుషులు తగినట్టుగా బతికారు. రెండో ప్రశ్నకు జవాబు ఒప్పందాల అన్వయం గురించి 1969లో కుదిరిన వియన్నా ఒప్పందంలో ఉంది. ఒక మాటను దాని మామూలు అర్థంలో, సందర్భంతో, ఒప్పందం లక్ష్యంతో కలిపి చదవాలని అది చెబుతుంది. ప్రభుత్వాల తదుపరి ఆచరణను కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. కాబట్టి 1966లో ఏం రాశారన్నదానితో పాటు, ఆ తరువాత ప్రభుత్వాలు ఏం ఒప్పుకుంటూ వచ్చాయన్నదీ ముఖ్యమే.

నా అంచనాలో మొదటి అభ్యంతరం కంటే రెండోదే గట్టిది. 2002లో దానికి సరైన సమాధానం లేదు కూడా. సమాధానం దొరకడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

## 2010లో రెండు నెలల తేడాతో వచ్చిన రెండు తీర్మానాలు

2010 జులై 28న ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో బొలీవియా చొరవతో ఒక తీర్మానం ఓటుకు వచ్చింది. సురక్షితమైన, శుభ్రమైన తాగునీరు, పారిశుధ్యం మానవ హక్కు అని, జీవితాన్నీ ఇతర హక్కులన్నిటినీ పూర్తిగా అనుభవించడానికి అది అవసరమనీ ఆ తీర్మానం పేర్కొంది. అనుకూలంగా 122 దేశాలు ఓటు వేశాయి. వ్యతిరేకంగా ఒక్కటీ వేయలేదు. 41 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి.

నీటికి ఎవరూ వ్యతిరేకం కాదు, మరి తటస్థంగా ఎందుకు ఉన్నారు? అమెరికా, బ్రిటన్ వంటి దేశాలు లేవనెత్తిన ప్రధాన అభ్యంతరం చట్టపరమైనది. హక్కు ఉందని ఆ తీర్మానం చెప్పింది గానీ, ఏ ఒప్పందం నుంచి వచ్చిందో చెప్పలేదు. అలా చెప్పకపోతే అది ఏ బాధ్యతలకూ తగిలించని వేలాడే హక్కు అవుతుంది. జెనీవాలోని మానవ హక్కుల మండలిలో ఇదే అంశం మీద నడుస్తున్న కసరత్తును పూర్తి కానివ్వకుండా తొందరపడ్డారన్న ఫిర్యాదు కూడా వినిపించింది.

రెండు నెలలకు, సెప్టెంబరు 30న, మానవ హక్కుల మండలి ఆ లోటును పూడ్చింది. ఈ హక్కు తగిన జీవన ప్రమాణ హక్కు నుంచి ఉద్భవించిందని, ఆరోగ్య హక్కుతో విడదీయరాని సంబంధం కలిగి ఉందని, జీవించే హక్కుతోనూ మానవ గౌరవంతోనూ ముడిపడి ఉందని తన తీర్మానంలో రాసింది. ఇది ఓటింగ్ లేకుండానే ఆమోదం పొందింది. పైకి మాటల సర్దుబాటులా కనిపించినా, చట్టం తెలిసిన వారికి ఈ రెండో తీర్మానమే అసలైనది. ఎందుకంటే కొత్త హక్కును ప్రకటిస్తే దాన్ని పాటించాలో వద్దో దేశాల ఇష్టం. పాత హక్కులో ఇది ముందే ఉందని ఒప్పుకుంటే, ఒడంబడికపై సంతకం చేసి ఆమోదించిన దేశాలకు కట్టుబాటు అప్పటికే ఉన్నట్టు.

ఆ కట్టుబాటు కూడా ఒడంబడిక 2వ అధికరణం పెట్టిన షరతులతోనే వస్తుంది: అందుబాటులో ఉన్న వనరుల మేరకు, అంచెలంచెలుగా. ఇక్కడే జీవన ప్రమాణం అనే మూలానికి ఉన్న బలహీనత బయటపడుతుంది. ‘అంచెలంచెలుగా’ అన్నప్పుడు ఏ రోజు ఏ అంచెలో ఉండాలి అన్న ప్రశ్నకు కోర్టులో జవాబు రాబట్టడం చాలా కష్టం. అందుకే కొందరు ఇంకో దారి పట్టారు.

## కలహారీలో మూసేసిన బోరుబావి

బోట్స్వానాలో సెంట్రల్ కలహారీ అభయారణ్యం ఉంది. అక్కడ తరతరాలుగా బసర్వా ప్రజలు నివసిస్తున్నారు. ప్రభుత్వం వారిని బయటికి తరలించే క్రమంలో 2002లో లోపలి సేవలన్నీ ఆపేసింది. మొథొమేలో అనే చోట వారు వాడుకునే బోరుబావి పనిచేయకుండా యంత్రాన్నీ నీటి ట్యాంకునూ తీసేసింది. 2006లో హైకోర్టు వారు ఆ నేల మీద చట్టబద్ధంగానే ఉన్నారని తీర్పు ఇవ్వడంతో కొందరు తిరిగి వెళ్లారు. నేల దక్కింది, నీళ్లు దక్కలేదు. ఎడారిలో కాసే పుచ్చకాయలు, వేర్లలోని తేమ మీద ఆధారపడవలసి వచ్చింది. సొంత ఖర్చుతో బోరు బాగు చేయించుకుంటామని అడిగితే ప్రభుత్వం ఒప్పుకోలేదు.

2010లో హైకోర్టు వారి పిటిషన్‌ను కొట్టేసింది. నీటికి దూరంగా ఉన్న చోటును ఎంచుకున్నది వారే కనుక ఆ ఇబ్బంది వారిదేనన్నది. బోట్స్వానా రాజ్యాంగంలో నీటి హక్కు లేదు. ఆ దేశం ఆర్థిక, సామాజిక హక్కుల ఒడంబడికలో చేరనూ లేదు. అంటే ‘సహా’ వాదన అక్కడ పనికిరాదు.

2011 జనవరి 27న అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసింది. దాని దారి రెండు మెట్లలో సాగింది. మొదటిది దేశంలోని నీటి చట్టం. భూమి మీద చట్టబద్ధంగా ఉన్నవారు గృహావసరాలకు బోరు వేసుకోవచ్చని ఆ చట్టం అనుమతిస్తుంది, కాబట్టి వీరికీ వర్తిస్తుంది. రెండోది రాజ్యాంగం 7వ సెక్షన్, అమానవీయమైన లేదా కించపరిచే ప్రవర్తనను నిషేధించే సెక్షన్. అందుబాటులో ఉన్న నీటిని వాడుకోనివ్వకుండా మనుషుల్ని దాహంతో ఉంచడం కించపరిచే ప్రవర్తనే అని కోర్టు తేల్చింది. ఆ మాట చెప్పేటప్పుడు 15వ సాధారణ వ్యాఖ్యనూ, ఆరు నెలల కిందటే వచ్చిన సాధారణ సభ తీర్మానాన్నీ ఉటంకించింది. ఒడంబడికలో లేని దేశానికి ఒడంబడిక కమిటీ రాసిన పత్రం ఇలా పనికొచ్చింది. కట్టుబాటుగా కాదు, కించపరచడం అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి సాక్ష్యంగా.

ఈ దారికున్న సౌలభ్యం పెద్దది. కించపరిచే ప్రవర్తనపై నిషేధానికి ‘వనరులు ఉన్నప్పుడు’, ‘అంచెలంచెలుగా’ అన్న షరతులు లేవు, ఈ రోజే ఆపాలి. కానీ తీర్పులో దక్కినదేమిటో కూడా చూడాలి. బోరును తమ ఖర్చుతో బాగు చేయించుకుని వాడుకునే హక్కు. ప్రభుత్వం నీళ్లు తెచ్చి ఇవ్వాలని కోర్టు చెప్పలేదు. వారూ అది అడగలేదు.

జీవించే హక్కు నుంచి నీటిని రాబట్టిన తీర్పులూ ఇదే కోవలోకి వస్తాయి. భారత సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో, 21వ అధికరణంలోని జీవించే హక్కులో కాలుష్యం లేని నీరు, గాలి పొందే హక్కు ఇమిడి ఉందని చెప్పిన వాక్యాన్ని ఇప్పటికీ అందరూ ఎత్తి చూపుతారు. తమాషా ఏమిటంటే ఆ పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది. పిటిషనర్ స్వప్రయోజనం కోసం వచ్చాడని ఖర్చులు కూడా విధించింది. ఓడిన కేసులోని వాక్యం నిలిచిపోయింది.

## రాజ్యాంగంలో రాసి ఉన్నా గెలవని కేసు

ఇప్పుడు పూర్తిగా వ్యతిరేక పరిస్థితిని చూద్దాం. దక్షిణాఫ్రికా రాజ్యాంగం 27వ సెక్షన్, సరిపడా ఆహారం, నీరు పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని నేరుగా చెబుతుంది. ఎక్కడి నుంచీ రాబట్టనక్కరలేదు. అదే సెక్షన్ రెండో భాగంలో, ప్రభుత్వం తనకున్న వనరుల మేరకు, సహేతుకమైన చర్యలతో, అంచెలంచెలుగా దాన్ని సాధించాలని ఉంది.

జోహన్నెస్‌బర్గ్‌లోని సొవెటోలో ఫిరి అనే పేటలో అంతకుముందు మీటర్లు లేవు. నెలకు ఇంత అని స్థిర రుసుము ఉండేది, చాలామంది అదీ కట్టేవారు కాదు. పైపులు తుప్పుపట్టి నీళ్లు భారీగా కారిపోయేవి. 2004లో నగరం పైపులు మార్చి ప్రీపెయిడ్ మీటర్లు పెట్టడం మొదలుపెట్టింది. ప్రతి కనెక్షన్‌కూ నెలకు 6,000 లీటర్లు ఉచితం. అవి అయిపోతే ముందే డబ్బు కట్టి కొనుక్కోవాలి, లేదంటే మీటరు తనంతట తానే నీళ్లు ఆపేస్తుంది.

ఈ 6,000 లీటర్ల లెక్క ఎలా వచ్చిందో చూడాలి. జాతీయ నిబంధనల ప్రకారం కనీస సరఫరా మనిషికి రోజుకు 25 లీటర్లు లేదా కుటుంబానికి నెలకు 6,000 లీటర్లు. ఇంట్లో ఎనిమిది మంది ఉంటే, 8 మందికి 25 లీటర్ల చొప్పున రోజుకు 200, నెలకు 6,000. లెక్క సరిపోయింది. కానీ అదే స్థలంలో వెనక వేసిన గుడిసెల్లో మరో రెండు కుటుంబాలు ఉండి మొత్తం 16 మంది అయితే మనిషికి వచ్చేది 12.5 లీటర్లే. పైగా ఫిరిలో మరుగుదొడ్లు ఫ్లష్ చేసేవి. 10 లీటర్ల తొట్టి ఉన్న మరుగుదొడ్డిని మనిషి రోజుకు ఒక్కసారి వాడినా, ఆ 12.5 లీటర్లలో తాగడానికీ వంటకూ స్నానానికీ కలిపి మిగిలేది 2.5 లీటర్లు. నెల మధ్యలోనే ఎందుకు నీళ్లు ఆగిపోయేవో ఈ లెక్క చెబుతుంది.

మజిబుకో కేసుగా పేరుపడ్డ ఈ వ్యాజ్యంలో 2008లో హైకోర్టు మనిషికి రోజుకు 50 లీటర్లు ఇవ్వాలంది. 2009లో సుప్రీం అప్పీలు కోర్టు దాన్ని 42 లీటర్లు చేసింది. అదే ఏడాది అక్టోబరు 8న రాజ్యాంగ న్యాయస్థానం రెండింటినీ పక్కన పెట్టింది. జస్టిస్ కేట్ ఓరెగన్ రాసిన తీర్పు ప్రకారం, సరిపడా అంటే ఎన్ని లీటర్లో నిర్ణయించడం కోర్టు పని కాదు. ఆ పని ప్రభుత్వానిది, ఆ నిర్ణయం సహేతుకంగా ఉందో లేదో చూడడమే కోర్టుది. నగరం విధానం సహేతుకమే అని తేల్చింది. మీటరు నీళ్లు ఆపేయడం సరఫరాను రద్దు చేయడం కాదని, డబ్బు కట్టేదాకానో మరుసటి నెల ఉచిత వాటా వచ్చేదాకానో తాత్కాలికంగా నిలిపివేయడమేనని కూడా అంది. దాంతో రద్దుకు ముందు నోటీసు ఇవ్వాలన్న వాదన వీగిపోయింది.

ఈ తీర్పును ఖండించినవారు, పేదవాడికి కనీస పరిమాణం కూడా చెప్పలేని హక్కు ఎందుకని అడిగారు. 15వ సాధారణ వ్యాఖ్య ఒక కనీస స్థాయిని తక్షణ బాధ్యతగా పేర్కొంది, కోర్టు దాన్ని అనుసరించలేదు. సమర్థించినవారు, ఎన్నిక కాని న్యాయమూర్తులు నగర బడ్జెట్ రాయకూడదన్నారు. వారు ఇంకొకటి కూడా చూపిస్తారు. వ్యాజ్యం నడుస్తున్న కాలంలోనే నగరం తన విధానాన్ని పదేపదే సవరించి, పేదలుగా నమోదైన కుటుంబాలకు అదనపు నీటిని చేర్చింది. కోర్టుకు జవాబు చెప్పుకోవలసి రావడమే ఆ పని చేయించిందని తీర్పులోనే ఉంది. ఇందులో నిజం ఉంది. అయితే 16 మంది ఉన్న ఇంటి లెక్క మాత్రం ఆ ఊరటతో సరిపోదు.

రాసిన హక్కు ఓడింది, రాయని హక్కు గెలిచింది. కారణం న్యాయమూర్తుల స్వభావంలో లేదు, అడిగినదానిలో ఉంది. మానవ హక్కుల చట్టం రాజ్యం బాధ్యతలను మూడుగా చూస్తుంది: తాను అడ్డుపడకుండా ఉండడం, ఇతరులు అడ్డుపడకుండా కాపాడడం, లేనివారికి సమకూర్చడం. కలహారీలో అడిగింది మొదటిది. ఉన్న బోరుకు అడ్డు తప్పుకోమన్నారు, దానికి ఖజానాతో పనిలేదు. ఫిరిలో అడిగింది మూడోది. ఎంత సమకూర్చాలో చెప్పమన్నారు. హక్కు ఎంత స్పష్టంగా రాసి ఉన్నా, ‘ఎంత’ అన్నచోట కోర్టులు వెనకడుగు వేస్తాయి. జీవన ప్రమాణం నుంచి వచ్చిన దారి వెడల్పు ఎక్కువ, సమకూర్చడాన్ని కూడా కలుపుకుంటుంది, కానీ నెమ్మది. కించపరిచే ప్రవర్తన, జీవించే హక్కు నుంచి వచ్చిన దారి వేగం ఎక్కువ, ఇరుకు.

ఈ రెండింటి మధ్య యూరప్ మానవ హక్కుల కోర్టు మూడో దారిని తడిమి చూసింది. స్లొవేనియాలో కుళాయి కనెక్షన్ లేని, రోమా అనే అల్పసంఖ్యాక జాతి కుటుంబాల కేసులో, 2020 మార్చి 10న, వ్యక్తిగత జీవితానికి గౌరవం అనే హక్కు కింద తాగునీరు తనంతట తానుగా రక్షణ పొందదని కోర్టు చెప్పింది. కానీ దీర్ఘకాలం సురక్షితమైన నీరు లేకపోవడం ఆరోగ్యాన్నీ గౌరవాన్నీ దెబ్బతీసి వ్యక్తిగత జీవితం మూలాన్నే కోసేస్తుందని, అప్పుడు రాజ్యంపై బాధ్యత పడవచ్చని ఒప్పుకుంది. తలుపు ఉందని చూపించి, ఈ కేసులో తెరవలేదు. అధికారులు కొన్ని చర్యలు తీసుకున్నారని, కుటుంబాలకు సామాజిక భృతి అందుతోందని చెప్పి ఉల్లంఘన లేదని తేల్చింది. అప్పటికే స్లొవేనియా తన రాజ్యాంగంలో తాగునీటి హక్కును చేర్చుకుని మూడేళ్లు దాటింది.

## పారిశుధ్యం నీటి నీడలోంచి బయటికి రావడం

ఇంతవరకూ నీరు, పారిశుధ్యం ఒకే ఊపిరిలో వచ్చాయి. చట్టంలో కూడా చాలాకాలం అంతే. 2002 నాటి వ్యాఖ్యలో పారిశుధ్యం ప్రధానంగా ఒకే పేరాలో కనిపిస్తుంది. అది మానవ గౌరవానికీ ఏకాంతానికీ మౌలికమని అంటూనే, తాగునీటి నాణ్యతను కాపాడే ముఖ్య సాధనాల్లో ఒకటిగా చూసింది.

ఆ చూపులో చిక్కు ఉంది. గుంత మరుగుదొడ్డికి, ఎరువు మరుగుదొడ్డికి పైపు నీరు అక్కరలేదు. కనుక పారిశుధ్యం లేకపోవడాన్ని నీటి కొరతగా లెక్కించలేం. రెండోది, నీరు లేకపోవడంలో లేని ఒక అవమానం ఇక్కడ ఉంది, నలుగురి కళ్ల ముందు మలవిసర్జన చేయవలసి రావడం. ఈ సంగతిని కోర్టులు జైళ్లలో ముందే గుర్తించాయి. 2001లో గ్రీసుకు వ్యతిరేకంగా వచ్చిన పీర్స్ కేసులో, ఇరుకు గదిలో తోటి ఖైదీ ఎదుటే మరుగుదొడ్డి వాడవలసి రావడాన్ని ఇతర పరిస్థితులతో కలిపి చూసి, అది కించపరిచే ప్రవర్తన అని యూరప్ కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు నీటి కొరత మీద ఆధారపడలేదు.

ఐక్యరాజ్యసమితి ఈ అంశంపై నియమించిన తొలి స్వతంత్ర నిపుణురాలు కాతరీనా డి అల్బుకెర్క్ 2009 నివేదికలో పారిశుధ్యానికి ఒక నిర్వచనం ఇచ్చారు. మనిషి విసర్జితాల సేకరణ, తరలింపు, శుద్ధి, పారవేత లేదా పునర్వినియోగం, వాటితో ముడిపడిన పరిశుభ్రత, ఇవన్నీ కలిపిన వ్యవస్థ అది. 2010లో ఒడంబడిక కమిటీ కూడా పారిశుధ్యాన్ని 11వ అధికరణంలో అంతర్భాగంగా గుర్తిస్తూ ప్రకటన చేసింది. 2015 డిసెంబరు 17న సాధారణ సభ నీరు, పారిశుధ్యం రెండు వేర్వేరు హక్కులని స్పష్టంగా విడదీసింది. జీవితంలోని అన్ని రంగాల్లో సురక్షితమైన, పరిశుభ్రమైన, ఏకాంతాన్నీ గౌరవాన్నీ కాపాడే మరుగుదొడ్డి వసతి, భరించగల ఖర్చుతో, వివక్ష లేకుండా అందుబాటులో ఉండాలన్నది అందులోని సారం. అన్ని రంగాలు అంటే ఇల్లు ఒక్కటే కాదు, బడి, పనిచేసే చోటు, ఆసుపత్రి, జైలు కూడా.

ఈ రెండు నిర్వచనాలనూ పక్కపక్కన పెడితే ఒక తేడా కనిపిస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఇంట్లో తలుపు, గొళ్లెం, నీళ్లు అన్నీ ఉన్న మరుగుదొడ్డి ఉంది. దాని సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు ట్యాంకరు వచ్చి తోడుకుపోయి, ఎవరూ చూడని చోట వాగులో వదిలేస్తుంది. వాగు దిగువన ఇంకో కుటుంబం అవే నీళ్లు తోడుకుంటుంది. 2015 నిర్వచనంతో చూస్తే పై ఇంటివారి హక్కు పూర్తిగా నెరవేరింది. 2009 నిర్వచనంతో చూస్తే పారిశుధ్యం సగంలోనే ఆగిపోయింది, శుద్ధి జరగలేదు. దిగువ కుటుంబానికీ మరుగుదొడ్డి ఉంది, కనుక వారు తమ వసతి లేదని ఫిర్యాదు చేయలేరు. వారి ఫిర్యాదు పై ఇంటివారి విసర్జితాలు ఎటు పోతున్నాయన్నది.

పారిశుధ్య హక్కులో ఇతరుల విసర్జితాల నుంచి రక్షణ కూడా భాగమా అన్నది ఇక్కడ తేలవలసిన ప్రశ్న. నిపుణురాలి దారిలో వెళ్లేవారు అవుననే అంటారు. హక్కు అంటే వ్యక్తి వాడుకునే వసతి వరకే అని, శుద్ధి కర్మాగారాలు, మురుగు కాలువలు ప్రజారోగ్య విధానం కిందికి వస్తాయని అనేవారు, అంతవరకూ లాగితే హక్కుదారు ఎవరో చెప్పలేని పరిస్థితి వస్తుందంటారు. ఈ వాదన తేలేలోగా దిగువ కుటుంబం తరఫున వాదించే న్యాయవాది పారిశుధ్య హక్కు జోలికి పోకపోవచ్చు. తాగేనీరు సురక్షితంగా ఉండాలన్న నీటి హక్కునూ, ఇతరులు అడ్డుపడకుండా కాపాడవలసిన రాజ్య బాధ్యతనూ పట్టుకుని, వాగు నీటి పరీక్ష నివేదికను పిటిషన్‌కు జత చేస్తారు.